టమాటా చెట్టు వాలిందంటే నీళ్లు చాలకేనా?

"టమాటా చెట్టు నిలువునా వాలిపోయిందంటే నీళ్లు చాలకే. ముందు నిండా తడి ఇవ్వండి. రెండు రోజులకీ లేవకపోతే వేరుకుళ్లు, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదట్లో పోయండి. ఎండు తెగులుకైనా అదే మందు. కాయలున్న చెట్టును పీకాల్సిన పని లేదు, ఫోటో చూస్తే తెలిసిపోతుంది."

వాట్సాప్‌లో రైతుల మధ్య తిరుగుతున్న సందేశం ఇది. దీన్ని నమ్మితే మదనపల్లె వైపు టమాటా రైతుకు పంట చేతికొచ్చే వేళకు పెద్ద దెబ్బే తగులుతుంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని చెబుతున్నాను.

ముందు నీళ్ల సంగతి. ఆకుకు నీరు అందనప్పుడు చెట్టు వాలుతుంది, అంతవరకు నిజం. కానీ నీరు అందకపోవడానికి దారులు మూడు. మట్టిలో నీరే లేకపోవచ్చు, అది బెట్ట. మట్టిలో నీరున్నా దాన్ని తాగే వేరు చచ్చిపోయి ఉండొచ్చు, అది వేరుకుళ్లు. వేరు తాగినా కాండంలోని నీటి నాళాలు మూసుకుపోయి ఉండొచ్చు, అది ఎండు తెగులు. పైనుంచి చూస్తే మూడింటిలోనూ చెట్టు ఒకేలా వేలాడుతుంది.

కాబట్టి తడి పెట్టే ముందు చెట్టు మొదట్లో మట్టిని ఒక జానెడు లోతు తవ్వి పిడికిట్లో పట్టి చూడాలి. పొడిపొడిగా రాలిపోతే బెట్ట అనుకోవచ్చు. ముద్ద కట్టి నీరు అంటుకుంటుంటే, అక్కడ మళ్లీ నీళ్లు పెట్టడమంటే ఊపిరాడని వేళ్ల మీద ఇంకా నీళ్లు పోయడమే. పిథియం, ఫైటోఫ్తోరా లాంటి కుళ్లు బూజులకు కావాల్సిందీ ఆ తడే. బాక్టీరియా ఎండు తెగులైతే కాలువ నీరు ఆ క్రిమిని సాలు పొడవునా మోసుకుపోతుంది. ఆ సందేశం చెప్పినట్టు రెండు రోజులు ఎదురుచూస్తే కింది చెట్లకు కూడా అంటుకోవచ్చు.

చాలామంది ఇంకో గుర్తు చెబుతారు. మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేస్తే బెట్టేనట. ఇది సగమే నిజం. బాక్టీరియా ఎండు తెగులు మొదట్లో సరిగ్గా అలాగే నాటకమాడుతుంది. ఎండ వేళ పైకొనల లేత ఆకులు వాలతాయి, రాత్రికి లేస్తాయి. కొద్ది రోజుల్లో ఆకులు పచ్చగా ఉండగానే చెట్టు శాశ్వతంగా కూలిపోతుంది. సాయంత్రం లేచిందన్న ఒక్క గుర్తుతో ధైర్యపడకూడదు.

ఇక ఫోటో. ఆ సందేశంతో పాటు ఒక బొమ్మ కూడా తిరుగుతోంది. మల్చింగ్ షీటు మీద టమాటా చెట్టు, ఆకులన్నీ పచ్చగా ఉండి కిందికి వేలాడుతున్నాయి, పసుపు మచ్చ కూడా లేదు. కాయలు చేతికందేంత ఉన్నాయి. అదే సాలులో అటూ ఇటూ చెట్లు నిటారుగా ఉన్నాయి. ఈ బొమ్మలో ఉన్నది చదివితే, బెట్ట అనడానికి బలం తక్కువ. ఒకే డ్రిప్పు పైపు మీద ఒక్క చెట్టే ఎండదు, ఆ చెట్టు దగ్గర రంధ్రం మూసుకుపోతే తప్ప. అది పైపు ఎత్తి చూస్తే తేలిపోతుంది. బెట్ట సాధారణంగా నేల పలుచగా ఉన్న చోటంతా, లేదా ఒక వాల్వు కింద మడి అంతా ఒకేసారి కనిపిస్తుంది. ఫ్యుజేరియం అనే బూజు తెచ్చే ఎండు తెగులు కూడా ఇక్కడ కొంచెం దూరమే. అది ముందు కింది ఆకుల్ని పసుపు చేస్తుంది, చాలాసార్లు చెట్టులో ఒక వైపు మాత్రమే, ఒక్కోసారి ఆకులో సగం మాత్రమే. మిగిలింది బాక్టీరియా ఎండు తెగులా, వేరుకుళ్లా అన్నది. ఆ ప్రశ్నకు జవాబు మల్చింగ్ షీటు కింద ఉంది, ఫోటోలో లేదు. ఎంత అనుభవమున్నవారైనా ఆ బొమ్మ చూసి ఇక్కడితో ఆగాలి.

అందుకే ఒక చెట్టును పీకాలి. ఎలాగూ అది నిలవదు, మిగతా చేను నిలవాలంటే దాన్ని చూడాలి. పూర్తిగా ఎండిన చెట్టు పనికిరాదు, చచ్చిన వేరు మీద ఏ బూజైనా చేరుతుంది. ఇప్పుడిప్పుడే వాలిన దాన్ని పారతో చుట్టూ తవ్వి, వేళ్లు తెగకుండా మట్టితో సహా ఎత్తి, బకెట్ నీళ్లలో మెల్లగా కడగాలి.

సన్న వేరు ఒకటి గోళ్ల మధ్య పట్టి లాగండి. బెట్టకు వాలిన చెట్టు వేళ్లు తెల్లగా, గట్టిగా ఉంటాయి. వేరుకుళ్లు ఉంటే గోధుమరంగు పైతోలు జారి చేతిలోకి వస్తుంది, లోపలి దారం మాత్రం మిగులుతుంది. నేల మట్టం దగ్గర తెల్లటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గుండ్రటి గింజలు కనిపిస్తే అది స్క్లెరోషియం మొదలుకుళ్లు. వేళ్ల మీద బుడిపెలుంటే నులిపురుగులు. అవి ఎండు తెగులుకు దారి తెరుస్తాయి గనక దొరికాయని అక్కడ ఆగిపోకూడదు.

తర్వాత కాండాన్ని మొదలుకు నాలుగు వేళ్ల పైన కోయండి. బెరడు కింద గోధుమ చారలు పైదాకా సాగి ఉంటే ఎండు తెగులు. వేరుకుళ్లులో రంగు సాధారణంగా మొదలు దగ్గరే ఆగుతుంది. ఇప్పుడు కోసిన ముక్కను గాజు గ్లాసులో స్వచ్ఛమైన నీటిలో కోసిన చివర మాత్రమే మునిగేలా కదలకుండా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో పాల దారంలా సన్నటి తెల్లటి చార కిందికి జారితే బాక్టీరియా, అనుమానం అక్కర్లేదు. జారకపోతే మాత్రం లేదని తేల్చకండి. తెగులు తొలిరోజుల్లో, లేదా చెట్టు ఎండిపోయాక దారం రాకపోవచ్చు, ఇంకో చెట్టుతో మళ్లీ చూడాలి. గోధుమ చారలుండి దారం రాకుంటే ఫ్యుజేరియం వైపు ఆలోచించాలి. కత్తిని తుడిచి మంట మీద కాల్చకుండా ఇంకో చెట్టు కోయవద్దు.

మందు మాటకు ఇప్పుడు అర్థం ఉంటుంది. కాపర్ ఆక్సీక్లోరైడ్ తాకిన చోట పనిచేసే మందు, నాళాల్లోకి పోదు. నాళాల్లో కూర్చున్న బాక్టీరియాను అది చేరదు. పిథియం, ఫైటోఫ్తోరాలకు మెటలాక్సిల్ ఉన్న మందు పనికొస్తుంది, అదే మందు వేరుకుళ్లు తెచ్చే మరో బూజు రైజోక్టోనియా మీద పనిచేయదు. నీరు నిలిచే చోట మురుగు తీయకుండా ఏ మందు పోసినా డబ్బు దండగే. బెట్టయితే మందే అక్కర్లేదు, సాయంత్రం తడి ఇస్తే తెల్లారేసరికి తేలుతుంది.

బాక్టీరియా తేలితే ఆ చెట్టును, మొదట్లోని మట్టిని సంచిలో వేసి చేను దాటించండి. కాలువలోకి మాత్రం విసరవద్దు. ఆ మడికి నీరు విడిగా కట్టండి. వచ్చే పంటకు అక్కడ టమాటాయే కాదు, వంగ, మిరప, బంగాళదుంప కూడా వద్దు, క్రిమి వాటిలోనూ బతుకుతుంది. వీలైతే మొక్కజొన్న వేయండి. టమాటాయే కావాలంటే, బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ లాంటి బాక్టీరియా ఎండు తెగులును తట్టుకునే రకం, లేదా తట్టుకునే వంగ వేరు మీద అంటుగట్టిన నారు అడిగి తెచ్చుకోండి.