యాస విని పౌరసత్వం తేలుస్తారా?

2025 జూలైలో ఒడిశాలోని ఝార్సుగుడాలో బెంగాలీ మాట్లాడే వలస కూలీలను 400 మందికి పైగా, బంగ్లాదేశీయులన్న అనుమానంతో పోలీసులు పట్టుకెళ్లారు. కాగితాలు చూశాక వారిలో చాలామందిని వదిలేశారు. ముందు పట్టుకోవడం, ఆనక కాగితాలు చూడటం! అక్రమ చొరబాటుదారులను ఏరివేయాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే, కాదనం. కానీ నోరు తెరిచి మాట్లాడితే అనుమానితుడైపోయే పద్ధతి ఒకసారి మొదలైతే బెంగాలీతో ఆగుతుందా? అదే రాష్ట్రంలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వీధుల్లో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది.

చట్టం భాష అడగదు. అయితే పౌరసత్వానికి ఆధారం పుట్టిన నేల నుంచి తల్లిదండ్రుల వైపు ఎప్పుడో జరిగింది. 1987 జూలై 1కి ముందు ఈ దేశంలో పుడితే చాలు, పౌరుడే. ఆ తర్వాత పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలి. 2004 డిసెంబర్ 3 నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు. వంశాన్నే నమ్ముకున్న జర్మనీ 2000 నుంచి తన నేలపై పుట్టిన విదేశీయుల పిల్లలకు షరతులతో తలుపు తెరిచింది. మనం ఎదురు దిశలో నడుస్తున్నాం.

పర్లాకిమిడిలో 2006లో పుట్టిన ఒక అమ్మాయిని ఊహించండి. తండ్రి 1989లో అదే ఊళ్లో పుట్టాడు. అంటే అతని కోసం తాతదో నాయనమ్మదో పౌరసత్వం చూపాలి. అతని పాత కాగితాల్లో గంజాం జిల్లా అని ఉంటుంది, ఎందుకంటే గజపతి జిల్లా ఏర్పడింది 1992లో. తల్లి 1985లో పాతపట్నంలో మంత్రసాని చేతుల మీద పుట్టింది. ఆమెకు దేశంలో పుట్టిన రుజువు చాలు, కానీ జనన ధ్రువపత్రమే లేదు. బడి టీసీలో పుట్టింటి ఇంటిపేరు తెలుగులో, ఓటరు కార్డులో అత్తింటి పేరు ఒడియాలో. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట చివర. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని కాగితాలు చూసే గుమాస్తాకు ఎవరు చెప్పాలి? విదేశీయుడు కాదని నిరూపించుకునే భారం చట్టం అనుమానితుడి మీదే పెట్టింది.

ఇంతటి గొలుసులో ఒక్క లింకు తెగినా ఆ పిల్ల దేశం లేనిదవుతుంది. అందులో అనుమానానికి మొదటి కారణం యాసే అయితే, ఒడిశాలో తెలుగువాడు, మహారాష్ట్రలో సిరొంచ తెలుగువాడు ఎంతకాలం నిశ్చింతగా ఉండగలరు?

నాయకులకు మాత్రం ఇది పట్టదు. ఝార్సుగుడా కూలీలు మనవాళ్లు కారని తెలుగు సంఘాల పెద్దలు నోరు మెదపలేదు. సన్మానాల్లో శాలువాలు కప్పుకునే తీరిక ఉన్నవారికి కలెక్టర్‌కు ఒక వినతిపత్రం ఇచ్చే తీరిక లేదా? ఫిర్యాదు లేనిదే, కాగితం చూడనిదే ఎవరినీ ఎత్తుకెళ్లొద్దని రాతపూర్వక ఆదేశం అడగండి. ఇంటిపేరు తేడాలకు తహసీల్దార్ దగ్గరే ఒక అఫిడవిట్‌తో పరిష్కారం అడగండి. అది కూడా అడగలేకపోతే సంఘం బోర్డు తీసి దాచుకోండి.