దిండ్లు నడుము కింద పెట్టుకుని పడుకున్న మా చెల్లి గురించి, ఆమెకు అందిన పుస్తకం గురించి

నిన్న రాత్రి ఒంటిగంటా నలభై నిమిషాలకు మా చెల్లి ఫోన్ చేసి, "అక్కా, నా మాయ జారిపోతోందంట" అని ఏడ్చింది. ఆమెకు ఐదో నెల, ఇది మొదటి కాన్పు. ఆ సాయంత్రమే టిఫా స్కాన్ చేయించుకుని వచ్చింది. రిపోర్టులో మాయ కింది అంచు గర్భసంచి లోపలి ద్వారానికి 14 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నదని రాశారు. డాక్టరమ్మ చూసి, "కాస్త కిందికి ఉంది, 32 వారాలకు మళ్లీ చూద్దాం" అని చెప్పి పంపించారు. ఆ ఒక్క వాక్యం వినడానికి పది సెకన్లు పట్టి ఉంటుంది, కానీ ఇంటికి వచ్చాక ఆమె చూసిన వీడియోలు నాలుగు గంటలు నడిచాయి. వాటి మొహాల మీద ఎర్రటి అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, ఏడుస్తున్న ఆడపిల్లల బొమ్మలు. ఒకావిడ నడవకూడదన్నది, ఇంకొకావిడ మెట్లు ఎక్కకూడదన్నది, మూడో ఆయన నడుము కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకుంటే మాయ పైకి వెళుతుందని చెప్పాడు. ఆయన తెల్లకోటు వేసుకున్నాడు కాబట్టి మా చెల్లి దిండ్లు పెట్టుకుంది.

వీడియోలను తిట్టడానికే అయితే ఇంత పొడుగ్గా రాయనక్కరలేదు, ఆ పని మీరందరూ రోజూ చేస్తూనే ఉన్నారు. నాకు ఒళ్లు మండింది దాని తరవాత జరిగినదానికి. మా మరిది, పాపం, పొద్దున్నే పుస్తకాల దుకాణానికి వెళ్లి, "కడుపుతో ఉన్నవాళ్లకు మంచి పుస్తకం ఏదైనా ఇవ్వండి" అని అడిగి, వాళ్లు ఇచ్చిన లావుపాటి పుస్తకం తెచ్చి చెల్లి చేతిలో పెట్టాడు. ఆమె దానిని మధ్యాహ్నానికల్లా చదివి, రాత్రి లేని భయాలు మరో ఆరు పోగు చేసుకుంది. ఫోన్ పక్కన పెట్టి పుస్తకం చదవమని సలహా ఇచ్చేవారు ఏ పుస్తకమో మాత్రం చెప్పరు. అట్ట మీద నవ్వుతున్న గర్భిణి బొమ్మ ఉంటే లోపల అంతా ప్రశాంతంగానే ఉంటుందని అందరి నమ్మకం.

ఇప్పుడు ఆ 14 మిల్లీమీటర్ల సంగతే తీసుకుందాం, ఎందుకంటే పుస్తకం మంచిదో కాదో తేల్చడానికి అంతకన్నా మంచి పరీక్ష నాకు తోచలేదు. మాయ అంచు లోపలి ద్వారానికి 20 మిల్లీమీటర్లకన్నా దగ్గరగా ఉంటే 'కిందికి ఉన్న మాయ' అంటారు. ఐదో నెలలో ఇది చాలామందిలో కనిపిస్తుంది. ఇలా కనిపించిన పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి నెలలు నిండేసరికి సరిపోతుంది. మాయ లేచి నడుచుకుంటూ పైకి వెళ్లడం వల్ల కాదు, ఆఖరి మూడు నెలల్లో గర్భసంచి కింది భాగం సాగి పెరుగుతుంది కాబట్టి, దానితోపాటు మాయ అంచు ద్వారానికి దూరమవుతుంది. ఇంతకుముందు సిజేరియన్ అయినవారికి ఇలా సర్దుకునే అవకాశం కొంత తక్కువ, వారి విషయంలో డాక్టర్లు వేరేగా చూడవలసినవి కూడా ఉంటాయి, మా చెల్లికి ఆ గొడవ లేదు. 32 వారాలకు చూస్తారు, అప్పటికీ కిందే ఉంటే 36 వారాల దగ్గర మరోసారి చూస్తారు, అప్పటికీ ద్వారాన్ని కప్పి ఉంటే సిజేరియన్‌కు తేదీ నిర్ణయిస్తారు. కాన్పు నాటికి మాయ అడ్డుగా నిలిచేది సుమారు రెండు వందల మందిలో ఒకరికి. ఈ మధ్యలో నొప్పి లేకుండా ఎర్రటి రక్తం కనిపిస్తే మాత్రం, అది కొంచెమైనా సరే, ఎవరినీ అడగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. దిండ్ల వల్ల మాయ పైకి రాదు. రోజుల తరబడి మంచం దిగకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, ఆ ముక్క తెల్లకోటాయన చెప్పలేదు.

గమనించారా, అందులో రక్తస్రావం ఉన్నది, సిజేరియన్ ఉన్నది, ఆసుపత్రికి పరుగెత్తడం కూడా ఉన్నది, అయినా చదివితే గుండె దడ రాదు. ఎంతమందికి వస్తుంది, కాలం గడిచేకొద్దీ ఏమవుతుంది, ఇప్పుడు ఏం చేయాలి, ఎప్పుడు పరుగెత్తాలి అన్న వరుసలో చెప్పినందువల్ల. మరిది తెచ్చిన పుస్తకంలో ఇదే విషయానికి ఒకటిన్నర పేజీ ఉంది. అందులో "తీవ్ర రక్తస్రావం జరిగి తల్లీబిడ్డలకు ప్రాణాపాయం ఏర్పడవచ్చు" అన్నది మొదటి వాక్యం, "చాలా సందర్భాలలో తగ్గిపోతుంది" అన్నది ఆఖరి వాక్యం. భయపడే మనిషి ఆఖరి వాక్యం దాకా వెళ్లదయ్యా! మొదటి వాక్యం దగ్గరే ఫోన్ తీసి అక్కకు చేస్తుంది.

ఇక్కడ ఇంకో రకం ప్రమాదం కూడా ఉంది. ప్రశాంతమైన పుస్తకమంటే "ఏమీ కాదులే అమ్మా" అని జోకొట్టే పుస్తకం కాదు. ఒక పుస్తకంలో, నెలలు నిండాక బిడ్డకు చోటు చాలక కదలికలు తగ్గుతాయి, కంగారు పడవద్దు అని రాసి ఉండడం నా కళ్లతో చూశాను. ఇది తప్పు. కదలికల తీరు మారవచ్చు గాని, కాన్పు దాకా కదలికలు తగ్గకూడదు, తగ్గినట్టు అనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి చూపించుకోవాలి. ఎర్ర అక్షరాల వీడియో మనిషిని ఊరికే భయపెడితే, ఈ పుస్తకం భయపడవలసిన ఒక్క రోజున నిద్రపుచ్చుతుంది. నేను దీనినే ఎక్కువ అసహ్యించుకుంటాను.

అందరూ పేరు చెప్పే అమెరికా పుస్తకం ఒకటి ఉన్నది, 1984లో మొదటిసారి వచ్చిన 'వాట్ టు ఎక్స్‌పెక్ట్ వెన్ యు ఆర్ ఎక్స్‌పెక్టింగ్'. నెలనెలా ఏమి జరుగుతుందో చెప్పే ఏర్పాటు బాగుంటుంది, కాదనను. కానీ దాని నడక అంతా గర్భిణి అడిగే ఆందోళనల ప్రశ్నలు, వాటికి జవాబులు. మామూలు మనిషి తన ప్రశ్న వెతుక్కుని చదివి మూసేస్తుంది. మా చెల్లిలాంటిది తనకు రాని ప్రశ్నలన్నీ చదివి, ఇవి కూడా ఉంటాయా అని వాటిని తన ఖాతాలో వేసుకుంటుంది. ఇక ఇనా మే గాస్కిన్ అనే మంత్రసాని 2003లో తెచ్చిన పుస్తకం సగం దాకా ఆడవాళ్లు తమ కాన్పుల గురించి సొంత మాటల్లో చెప్పుకున్న కథలే. నొప్పులంటే వణికేవారికి అవి నిజంగా ధైర్యమిస్తాయి. కాకపోతే అది సహజ కాన్పు వైపు బాగా మొగ్గిన పుస్తకం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో జరిగిన కాన్పులలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. అన్ని కోతలు అవసరమా అన్న తగాదా మరోరోజు పెట్టుకుందాం, నాకూ చెప్పవలసినవి చాలా ఉన్నాయి. ప్రస్తుతానికి ఒకటే అంటాను: మన దగ్గర కాన్పుకు వెళ్లే పిల్లకు సిజేరియన్ గురించి నిదానంగా, నడుముకు మత్తు ఇవ్వడం దగ్గర నుంచి మర్నాడు మంచం దిగి నడవడం దాకా చెప్పే అధ్యాయం లేని పుస్తకం ఇస్తే, సగం దారికే టికెట్టు కొని ఇచ్చినట్టు. ఆపరేషన్ బల్ల మీద పడుకుని, నేను ఓడిపోయానా అని ఆమె ఏడవకూడదు.

చెన్నైలో ప్రసూతి వైద్యురాలైన గీతా అర్జున్ ఇంగ్లీషులో రాసిన 'పాస్‌పోర్ట్ టు ఎ హెల్తీ ప్రెగ్నెన్సీ' మన ఇళ్లను ఎరిగిన మనిషి రాసిన పుస్తకం, చెల్లికి నేను తీసుకువెళుతున్నది అదే. తెలుగులో ఏదీ అని అడగకండి, అడిగితే నాకు పాత కోపం వస్తుంది. తొమ్మిదేళ్ల క్రితం నా సీమంతానికి మా దూరపు పిన్ని బంగారు అంచు అట్టతో ఒక తెలుగు పుస్తకం ఇచ్చింది. కుంకుమపువ్వు పాలు తాగితే తెల్లటి బిడ్డ పుడుతుందని, ఏ నెలలో ఏ శ్లోకం వింటే ఎంత తెలివి వస్తుందో అని అందులో లెక్కలు కట్టి ఉన్నాయి. బొప్పాయి గురించి మాత్రం "విషతుల్యం" అన్న ఒక్క మాట. పచ్చి కాయలో ఉండే పాలతో ఇబ్బంది, బాగా పండిన పండుతో కాదు అన్న చిన్న తేడా చెప్పడానికి ఆ మహానుభావుడికి రెండు వందల పేజీలలో ఒక్క పంక్తి చోటు దొరకలేదు. ఇంకోవైపు డాక్టర్లు రాసినవో, అనువదించినవో తీస్తే, "జరాయువు అధోభాగమున సంలగ్నమైనచో" అని మొదలవుతాయి. మా అమ్మమ్మ దగ్గర నుంచి ఆసుపత్రి ఆయమ్మ దాకా అందరూ మాయ అనే దానిని జరాయువు అని రాస్తే, చదివే పిల్లకు అదేదో కొత్త రోగంలా వినిపించదా?

నిజానికి తెలుగులో నాకు దొరికిన అతి ప్రశాంతమైన పుస్తకం పుస్తకమే కాదు. అంగన్‌వాడీలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు రాసుకుని ఊరికే ఇచ్చే తల్లీబిడ్డల సంరక్షణ కార్డు. రక్తస్రావం, ఆగని తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, బిడ్డ కదలిక తగ్గడం వంటి ప్రమాద సూచనలు అందులో బొమ్మలతో ఒకచోట ఉంటాయి. అలా ఒకచోట ఉండడమే దాని గొప్ప. పుస్తకం కొనేటప్పుడు కూడా ఇది చూడండి: ప్రమాద సూచనలు ఒక పేజీలో కూర్చి ఉన్నాయా, లేక ప్రతి అధ్యాయంలోనూ చల్లి ఉన్నాయా. చల్లిన పుస్తకంలో అన్నీ ప్రమాదాలే అవుతాయి. తరవాత దుకాణంలో నిలబడే మాయ గురించిన పేజీ తీసి, మొదటి మూడు వాక్యాలు చదవండి. ఎంతమందికి అన్న లెక్క అందులో లేకపోతే అక్కడే పెట్టేసి రండి.

అదే కార్డు మా చెల్లి దగ్గర కూడా ఉంది, ప్లాస్టిక్ కవరులో, బీరువాలో, పెళ్లి పట్టుచీర కింద. రేపు పొద్దున్న మొదటి బస్సుకు హనుమకొండ వెళుతున్నాను. దానిని తీసి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తాను. తీసుకువెళ్లే పుస్తకంలో ఆమె ఉన్న నెల దాటాక వచ్చే పేజీలన్నిటికీ ఇప్పుడే రబ్బరు బ్యాండు వేశాను, నెల మారినప్పుడల్లా నేనే జరుపుతాను. మరిది తెచ్చినది తిరుగు బస్సులో నాతో వచ్చేస్తుంది. ఇందాక మళ్లీ ఫోన్ చేసి కనుక్కున్నాను, ఆ దిండ్లు ఇంకా నడుము కిందే ఉన్నాయట.