‘చేయడం జరిగింది’ అని రాస్తే, ఇంతకీ ఎవరు చేసినట్టు?

సభ నిర్వహించడం జరిగింది. నిధులు కేటాయించడం జరిగింది. ప్రకటనల్లో, వార్తల్లో ఈ మాట ఎంత అలవాటైపోయిందంటే, వాక్యంలోంచి మనిషి మాయమయ్యాడన్న సంగతే మనకు పట్టదు. బెంగళూరులో పనిచేస్తూ విదేశీ ఉద్యోగానికి ఇంగ్లీషులో కవర్ లెటర్ రాసే తెలుగు ఇంజినీరుని గ్రామర్ కంటే ఎక్కువగా దెబ్బతీసేది ఈ అలవాటే అని నా అభిప్రాయం. స్పెల్లింగ్ తప్పులు ఎవరైనా దిద్దిపెడతారు. పని ఎవరు చేశారో ఉత్తరంలో లేకపోతే దిద్దేవాడు మాత్రం ఎక్కడినుంచి తెస్తాడు?

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. ఊరు అనంతపురం, ఉద్యోగం ఎలక్ట్రానిక్ సిటీలో, ఆరేళ్ళ అనుభవం. కార్లలో బ్యాటరీని చూసుకునే కంట్రోలర్‌కి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ దగ్గరి ఒక కంపెనీ, కంట్రోలర్‌లోకి సాఫ్ట్‌వేర్ ఎక్కించే బూట్‌లోడర్ పని సొంతంగా చూసుకోగలిగి, ఫ్యాక్టరీ లైన్‌వాళ్ళతో కలిసి పనిచేయగల మనిషి కావాలని ప్రకటించింది. మనవాడి మొదటి చిత్తుప్రతి ఇలా ఉంటుంది: “రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ హ్యావింగ్ సిక్స్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్. ఐ యామ్ వర్కింగ్ ఆన్ బూట్‌లోడర్ సిన్స్ త్రీ ఇయర్స్. ఫ్లాషింగ్ టైమ్ ఇష్యూ వాజ్ ఆల్సో రిజాల్వ్డ్ బై అవర్ టీమ్. ఐ యామ్ ఎ హార్డ్‌వర్కింగ్, డైనమిక్ అండ్ హైలీ మోటివేటెడ్ ప్రొఫెషనల్. కైండ్లీ కన్సిడర్ మై ప్రొఫైల్ అండ్ డూ ద నీడ్‌ఫుల్.”

చదివినవాళ్ళు వెంటనే మొదటి రెండు వాక్యాల్లో తప్పులు పట్టుకుంటారు. కానీ ఉద్యోగం తెచ్చిపెట్టే సరుకంతా మూడో వాక్యంలో ఉంది, అదీ ‘ఆల్సో’ అనే మాట వెనకాల దాక్కుని. అక్కడ అసలేం జరిగిందని అడగాలి. ఇంగ్లీషులో అడిగితే మళ్ళీ అదే వాక్యం వస్తుంది. తెలుగులో, టీ తాగుతూ అడిగితే ఇలా వస్తుంది: “లైన్ చివర ఒక్కో కంట్రోలర్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి 112 సెకన్లు పట్టేదన్నా. ఆ స్టేషన్‌కి ఇచ్చిందేమో 60. అందరూ ఫ్లాష్ మెమరీ నెమ్మదనుకున్నారు. నేను, సాఫ్ట్‌వేర్ పంపే టెస్టర్‌కీ మన కంట్రోలర్‌కీ మధ్య నడిచే క్యాన్ ఫ్రేముల ట్రేస్ తీసి చూశా. ప్రతి ఫ్రేమ్‌కీ మధ్య 1 మిల్లీసెకను ఆగమని మన కంట్రోలరే టెస్టర్‌ని అడుగుతోంది. ఫైలు 512 కేబీ, ఫ్రేముకి 7 బైట్లు. అంటే దగ్గర దగ్గర 75 వేల ఫ్రేములు. ఆగడానికే 75 సెకన్లు పోతున్నాయి! రిసీవ్ బఫర్ చిన్నదిగా ఉందని ఎవరో ఎప్పుడో ఆ గ్యాప్ పెట్టారు. బఫర్ కోడ్ తిరగరాసి గ్యాప్ తీసేశా. 37 సెకన్లకి దిగింది.”

గమనించండి, ఈ మాటల్లో తనని పొగుడుకునే విశేషణం ఒక్కటీ లేదు. డైనమిక్ లేదు, మోటివేటెడ్ లేదు. ‘తీసి చూశా’, ‘తిరగరాశా’, ‘తీసేశా’ అన్న క్రియలున్నాయి. మనం కాన్ఫిడెన్స్ అనుకుంటూ వెతికేది ఈ క్రియల్లోనే దొరుకుతుంది. తెలుగులో క్రియ చివరే ‘నేను’ ఇమిడిపోతుంది కాబట్టి, విడిగా నేను నేను అనకుండానే మాట సాగిపోతుంది. ఇంగ్లీషులో ఆ సదుపాయం లేదు, ‘ఐ’ అని పైకి అనాల్సిందే. అనడానికి మొహమాటం. ఆ మొహమాటం వల్లే ‘వాజ్ డన్ బై అవర్ టీమ్’, ‘వాజ్ ఇన్వాల్వ్‌డ్ ఇన్’, ‘వాజ్ రెస్పాన్సిబుల్ ఫర్’ పుట్టుకొస్తాయి. చదివే ఇంజినీరింగ్ మేనేజరుకి ఇది వినయంగా తోచదు. పని పక్కవాడు చేశాడేమో, ఇతను మీటింగులో కూర్చున్నాడేమో అనిపిస్తుంది.

ఆ టీ కబురుని ఇంగ్లీషులోకి తెస్తే ఇలా ఉంటుంది: “ఫ్లాషింగ్ అవర్ బ్యాటరీ కంట్రోలర్ టుక్ 112 సెకండ్స్ ఆన్ ఎ లైన్ దట్ అలౌడ్ 60. ఐ ట్రేస్డ్ ద డిలే టు ఎ 1 మిల్లీసెకండ్ గ్యాప్ బిట్వీన్ ఫ్రేమ్స్, రీరోట్ ద రిసీవ్ బఫర్ సో దట్ వి కుడ్ రిమూవ్ ఇట్, అండ్ బ్రాట్ ద టైమ్ డౌన్ టు 37 సెకండ్స్. ఎ కొలీగ్ ఎట్ ద ప్లాంట్ ర్యాన్ ద ట్రయల్స్. ద కోడ్ చేంజ్ వాజ్ మైన్.” చివరి రెండు వాక్యాలూ తీసేయాలనిపిస్తుంది, తీయకండి. ట్రయల్స్ చేసింది ఎవరో చెప్పడం వల్ల, కోడ్ నాదే అన్న మాట నమ్మేలా ఉంది. ప్రకటనలో అడిగిన లైన్‌వాళ్ళతో కలిసి పనిచేయడం కూడా ఆ ట్రయల్స్ వాక్యంలోనే వచ్చేసింది.

అంకె ఇచ్చేటప్పుడు మొదట ఎంత ఉండేది, ఎంతకి రావాలి, ఎంతకి వచ్చింది అనే మూడూ ఉండాలి. ‘67 పర్సెంట్ ఇంప్రూవ్‌మెంట్’ అని మాత్రమే రాస్తే అది దేనిలో 67 అనేది తెలియదు. మన కస్టమర్ కార్ల కంపెనీ పేరు, ప్రాజెక్టు కోడ్‌నేమ్ మాత్రం ఉత్తరంలో పెట్టకూడదు. ‘ఎ యూరోపియన్ కార్ మేకర్’ చాలు. పాత కంపెనీ గుట్టు ఉత్తరంలోనే విప్పినవాడు రేపు మన గుట్టూ విప్పుతాడని అవతలివాళ్ళు లెక్కేసుకుంటారు.

‘ఐ’ని దాచడం ఒక ప్రమాదమైతే, క్రియ పెంచి చెప్పడం రెండోది. ‘లెడ్’ అన్న మాట మనవాళ్ళ ఉత్తరాల్లో విచ్చలవిడిగా దొర్లుతుంది. ఇతరులకు పని పంచి, వాళ్ళ పనికి జవాబుదారీగా ఉంటేనే అది లెడ్. లేకపోతే ‘రోట్’, ‘ఫౌండ్’, ‘టెస్టెడ్’, ‘రివ్యూడ్’. ఇవి చిన్న మాటలేం కావు. ఇంటర్వ్యూలో బోర్డు దగ్గర నిలబడి పది నిమిషాలు వివరించగలిగిన క్రియనే ఉత్తరంలో వాడాలి, అంతకు పై మెట్టు వద్దు.

ఇక భాష సంగతి. మనం చేసే తప్పులు చాలావరకు తెలివితక్కువవి కావు, వాటి కింద తెలుగు ఉంది. ‘మూడేళ్ళ నుంచి పనిచేస్తున్నాను’ తెలుగులో పద్ధతైన వర్తమానం, అందుకే ‘యామ్ వర్కింగ్ సిన్స్ త్రీ ఇయర్స్’ వస్తుంది. అక్కడ ‘హ్యావ్ బీన్ వర్కింగ్ ఫర్ త్రీ ఇయర్స్’ కావాలి, సంవత్సరం చెబితేనే ‘సిన్స్ 2021’. ‘2021లోనే’లో ఉన్న ఏకారం ‘ఇన్ 2021 ఇట్‌సెల్ఫ్’ అవుతుంది, ‘బెంగళూరులోనే’ వెళ్ళి ‘ఇన్ బెంగళూరు ఓన్లీ’ అవుతుంది. ఆ ఏకారానికి ఇంగ్లీషులో మాట అక్కర్లేదు, కొట్టేస్తే సరి. ‘చేయగలను’లోని గలను ఒకటే అయినా ‘కెన్ ఏబుల్ టు’ అని రెండుసార్లు దిగుతుంది. ఉత్తరం పూర్తయ్యాక ఈ నాలుగు చోట్లా వేలు పెట్టి వెతికితే సగం మరకలు పోతాయి.

ఇంకో రకం మాటలున్నాయి, గ్రామర్ తప్పు లేకపోయినా అక్కడ అర్థం మారేవి. ‘పాస్డ్ అవుట్ ఇన్ 2018’ అంటే చదివేవాళ్ళకు స్పృహ తప్పి పడిపోయినట్టు వినిపిస్తుంది, ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి. ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అంటే మీ మాట నమ్మడం లేదని, కావాల్సింది ‘క్వశ్చన్’. ‘రివర్ట్’ అంటే జవాబివ్వడం కాదు, పాత స్థితికి తిప్పేయడం, ముఖ్యంగా కోడ్ రాసేవాళ్ళకి. ‘15 లాక్స్’ అనకుండా 1.5 మిలియన్ అనాలి. ‘డూ ద నీడ్‌ఫుల్’ విషయంలో నాకు కొంచెం జాలి. బ్రిటిష్‌వాళ్ళ పాత ఆఫీసు ఇంగ్లీషే అది, వాళ్ళు వదిలేశారు, మనం దాచుకున్నాం. మన మధ్య ఉంచుకోవచ్చు, ఈ ఉత్తరంలో వద్దు.

‘రెస్పెక్టెడ్ సర్’ కూడా అంతే. బడిలో జ్వరానికి లీవ్ లెటర్ రాయడం నేర్చుకున్నప్పటి నుంచి మన చేతికి ఆ ఒరవడి అంటుకుంది: మొదట వేడుకోలు, చివర ‘యువర్స్ ఒబీడియెంట్లీ’. ఉద్యోగం సెలవు చీటీ కాదు, ఎవరూ దయతో ఇవ్వరు. ప్రకటనలో పేరుంటే ‘డియర్’ తర్వాత ఆ పేరు, లేకపోతే ‘డియర్ హైరింగ్ టీమ్’. సర్ అని రాస్తే చదివేది ఆవిడైనప్పుడు ఇబ్బంది. ‘యువర్ ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్’ బదులు ఆ కంపెనీ చేసే పనిలో మీకు తెలిసిన ఒక్క నిజం రాయండి. చివర ‘కైండ్ రిగార్డ్స్’ ఎక్కడైనా చెల్లుతుంది. మొత్తం ఒక పేజీ, మూడు వందల మాటలకు అటూఇటూ.

పాలిష్ పేరుతో ఉత్తరాన్ని ఇంగ్లీషు బాగా వచ్చిన బావకో, డబ్బు తీసుకుని రాసిపెట్టేవాళ్ళకో ఇస్తే వచ్చే చిక్కు వేరు. ‘స్పియర్‌హెడెడ్’, ‘లెవరేజ్డ్’, ‘ప్యాషనేట్’ అంటూ పట్టుచీర కట్టి పంపిస్తారు. ఇంటర్వ్యూ రోజున మనిషి మామూలుగా మాట్లాడేసరికి, ఉత్తరం రాసింది ఇతనేనా అన్న అనుమానం వస్తుంది. దీనికి పరీక్ష సులభం. పైకి చదవండి. మీ నోట ఎప్పుడూ రాని మాట దగ్గర నాలుక తడబడుతుంది. అక్కడ మీ మాట పెట్టండి. దిద్దేవాళ్ళను తప్పులు దిద్దమనండి, క్రియలు మార్చనివ్వకండి.

చివరి పేరాలో మనవాళ్ళు దాచేవి రెండు: వీసా, నోటీస్ పీరియడ్. దాచితే రెండో రౌండులో ఎలాగూ బయటపడతాయి. నెదర్లాండ్స్‌లో ‘హైలీ స్కిల్డ్ మైగ్రెంట్’ పర్మిట్ మీద ఉద్యోగులను తెచ్చుకోవాలంటే కంపెనీకి అక్కడి ఇమిగ్రేషన్ శాఖ ఐఎన్‌డీ గుర్తింపు ఉండాలి, గుర్తింపు పొందిన కంపెనీల జాబితా బహిరంగంగానే ఉంటుంది. రాయడానికి ముందే అందులో పేరు చూసుకుని, “ఐ విల్ నీడ్ ఎ హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ పర్మిట్, ఐ సీ దట్ యు ఆర్ ఎ రికగ్నైజ్డ్ స్పాన్సర్” అని ఒక్క వాక్యం రాస్తే చాలు. నోటీసు 90 రోజులని క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు. రోజుల బదులు ఏ నెలలో చేరగలరో రాయండి, లెక్కపెట్టుకునే పని వాళ్ళకు తప్పుతుంది.

కింద సంతకం దగ్గర పేరు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, వాళ్ళు చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటారు. అందుకే ‘పి. వెంకట రమణ’కి ‘డియర్ మిస్టర్ రమణ’ అని జవాబొస్తుంది, రేపు ఆఫర్ లెటర్ మీదా అదే పడుతుంది, పాస్‌పోర్టులో మాత్రం వేరే ఉంటుంది. పాస్‌పోర్టులో గివెన్ నేమ్ అన్నచోట ఏముందో అది ముందు, సర్‌నేమ్ అన్నచోట ఏముందో అది వెనక, పొడి అక్షరాలు లేకుండా పూర్తిగా రాయండి. రెజ్యూమేలోనూ అక్షరం తేడా లేకుండా అదే ఉండాలి.