కొనేవాడికి అర్థమైపోతే ఎలా?

ఈ మధ్య కొందరు ఒక పాడు అలవాటు మొదలుపెట్టారు. సీలింగ్ ఫ్యాన్ తయారుచేసిన కంపెనీ ఇచ్చే సాంకేతిక వివరాల పట్టికను తీసుకుని, మామూలు మనుషులకి అర్థమయ్యేలా నాలుగైదు పాయింట్లుగా రాసేస్తున్నారు. ఇదిలాగే సాగితే జనం ఏం కొంటున్నారో తెలిసి కొనే రోజులు వస్తాయి. రంగు చూసి, రెక్క గోకి చూసి, పక్కింటివాళ్లు ఏది కొన్నారో కనుక్కుని ఫ్యాన్ కొనే మన సంప్రదాయం గతేమిటి?

మన షోరూముల్లో వ్యవహారం ఎంత ముచ్చటగా సాగుతుందో చూడండి. ఒక పెద్దావిడ అడుగుతుంది: "గాలి బాగా వస్తుందా బాబూ?" కుర్రాడు చెబుతాడు: "సూపర్‌గా వస్తదమ్మా." "కరెంటు ఎక్కువ లాగదు కదా?" "అస్సలు లాగదమ్మా, కంపెనీ పీసు." బేరం కుదిరింది. ఇందులో అంకెలు లేవు, వాదన లేదు, ఎవరికీ తలనొప్పి లేదు. డబ్బా పక్కన మాత్రం చీమల బారులాంటి అక్షరాల్లో పట్టిక తన మానాన తాను ఉంటుంది. స్వీప్ 1200 ఎంఎం. వేగం 350 ఆర్‌పీఎం. ఎయిర్ డెలివరీ 220 సీఎంఎం. పవర్ 28 వాట్లు. ఇన్‌పుట్ వోల్టేజ్ 90 నుంచి 300. పవర్ ఫ్యాక్టర్ 0.95. మోటార్ బీఎల్‌డీసీ. దాన్ని చదవమని ఎవరూ అడగరు, చదివానని ఎవరూ చెప్పరు.

ఈ ప్రశాంతతని చెడగొట్టేవాళ్ల పద్ధతిని నేను దగ్గర్నుంచి గమనించాను. మీరు జాగ్రత్తపడతారని చెబుతున్నాను, అంతే.

వాళ్లు పట్టికలో ఒక వరుస ముందు కూర్చుని "అయితే ఏంటట?" అని అడుగుతారు. జవాబు వస్తే మళ్లీ అదే అడుగుతారు. ఆ జవాబు ఎవరింట్లోకో వెళ్లి కూర్చునేదాకా వదలరు. 28 వాట్లు. అయితే ఏంటట? పాతరకం ఫ్యాన్ 75 వాట్ల దాకా తీసుకుంటుంది. అయితే ఏంటట? తేడా 47 వాట్లు. అయితే? రోజుకి పది గంటలు తిరిగితే నెలకి 14 యూనిట్లు. ఇక్కడితో ఆగినా కొంత మర్యాదగా ఉండేది. ఆగరు. మన కరెంటు బిల్లు స్లాబుల లెక్కలో వస్తుంది కాబట్టి, తగ్గే ఆ 14 యూనిట్లు మీ బిల్లులో అన్నిటికంటే ఖరీదైన పై స్లాబులోంచే తగ్గుతాయని కూడా కనిపెట్టారు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే నెలకి 84 రూపాయలు. రెండు ఫ్యాన్ల ధరలో తేడా 1,500 ఉంటే, ఏడాదిన్నర వాడకంలో అది తీరిపోతుంది. కొనేవాడు ఇంట్లో ఇదంతా వేళ్ల మీద లెక్కేసుకుంటాడు. ఇక షోరూం కుర్రాడి "అస్సలు లాగదమ్మా"కి విలువేముంటుంది?

కంపెనీవాళ్లు ఇదే విషయాన్ని ఎంత హుందాగా చెబుతారో చూడండి: "65 శాతం వరకు విద్యుత్ ఆదా!" దేంతో పోలిస్తే, ఎన్ని గంటలు తిరిగితే, ఏ స్పీడులో అన్న చిల్లర ప్రశ్నలకి అక్కడ తావు లేదు. ఈ అర్థం చేయించే బాపతు మాత్రం "పాత 75 వాట్ల ఫ్యాన్‌తో పోలిస్తే, ఫుల్ స్పీడులో, రోజుకి పది గంటలు" అని షరతులన్నీ పాయింట్ పక్కనే పెట్టేస్తుంది. రూపాయలు కూడా పాయింటులో రాయరు. రేట్లు మారతాయి, ఇంటింటికీ స్లాబు వేరు, యూనిట్లయితే ఎక్కడైనా ఒకటే అని సాకు చెబుతారు. ఇంత పట్టింపు ఉంటే వ్యాపారం ఎలా సాగుతుంది?

అదే 28 వాట్లని వాళ్లు రెండోసారి కూడా వాడుకుంటారు. కరెంటు బిల్లుని పెద్దగా పట్టించుకోనివాళ్లూ ఉంటారు. వాళ్ల బాధంతా ఎండాకాలం రాత్రి కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ తెల్లారేదాకా ఆగుతుందా లేదా అని. వాళ్లకి చెప్పే మాట వేరు: పాత ఫ్యాన్ ఒకటి తినే కరెంటుతో ఇవి రెండు తిరుగుతాయి, ఇంకా కాస్త మిగులుతుంది. అంకె ఒకటే, ఇల్లు మారింది.

వోల్టేజీ వరుస దగ్గర వీళ్ల దుర్మార్గం పరాకాష్ఠకి చేరింది. "90 నుంచి 300 వోల్టులు" అన్న మాటని నగరంలో అపార్టుమెంటులో ఉండేవాడు చూసి పేజీ తిప్పేస్తాడు. ఊరి చివర, లైను చివర ఉన్న ఇంటివాడి సంగతి వేరు. సాయంత్రం అందరూ ఒకేసారి మోటార్లు వేస్తే ఆ ఇంట్లో వోల్టేజీ పడిపోతుంది. ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టేంత నిదానంగా తిరుగుతుంది. సరిగ్గా అన్నాలు తినే వేళ అది. పాతరకం మోటారు స్పీడు వోల్టేజీతో పాటే పడుతుంది. ఈ కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్ లోపలుండే సర్క్యూట్ వచ్చే కరెంటుని ముందు సర్ది, తర్వాతే మోటారుకి ఇస్తుంది. అందుకని ఆ హద్దుల్లో వోల్టేజీ ఎంత ఊగినా స్పీడు అలాగే ఉంటుంది. "సాయంత్రం వోల్టేజీ పడిపోయినా స్పీడు తగ్గదు" అని ఒక్క వాక్యం రాస్తే ఆ ఇంటివాడు ఇక ఏ వరుసా చదవడు, డబ్బులు తీస్తాడు. పట్టికలో ఇన్నేళ్లు గుట్టుగా ఉన్న విషయాన్ని ఇలా వీధిలో పెట్టొచ్చా?

అయినా వీళ్లకి కొన్ని పట్టుదలలున్నాయి, వాటిని చూస్తే నాకే ఆశ్చర్యం. 220 సీఎంఎం అంటే నిమిషానికి 220 ఘనపు మీటర్ల గాలిని కదిలించడం. పన్నెండడుగుల పొడవు, వెడల్పు, పదడుగుల ఎత్తున్న గదిలో పట్టే గాలి సుమారు 41 ఘనపు మీటర్లు. భాగిస్తే ఐదు పైచిలుకు. నాలాంటివాడి చేతిలో ఈ అంకె పడితే వెంటనే "మీ గదికి నిమిషానికి ఐదుసార్లు స్వచ్ఛమైన గాలి!" అని రాసి, సాయంత్రానికల్లా బోనస్ అడిగేవాణ్ణి. వాళ్లు రాయరు. తలుపులేసిన గదిలో ఫ్యాన్ తిప్పేది ఉన్న గాలినే, కొత్తది తేదు అంటారు. గదిలో థర్మామీటర్ పెట్టి చూస్తే ఫ్యాన్ తిరిగినా పాదరసం దిగదని, చల్లగా అనిపించేది ఒంటి మీద చెమట ఆరడం వల్లేనని కూడా అంటారు. "గది చల్లబడుతుంది" అన్న అందమైన వాక్యం ఆ విధంగా చచ్చిపోయింది. వాళ్ల లెక్కలో సీఎంఎం పనికొచ్చేది ఒకే సైజు ఫ్యాన్లు రెంటిని పోల్చడానికి మాత్రమే. ఆర్‌పీఎం దానికి కూడా పనికిరాదట. రెక్క వెడల్పు, వంపు సరిగ్గా లేకపోతే ఎంత వేగంగా తిరిగినా గాలి రాదట.

స్టార్ల విషయంలోనూ ఇదే గొడవ. సీలింగ్ ఫ్యాన్లకి 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు. ఐదు నక్షత్రాలున్నాయి కాబట్టి ఐదింతలు గాలి అనుకుని హాయిగా బతుకుతున్నాం. ఆ స్టార్లు ఒక్కో వాటుకి ఎంత గాలి అన్న లెక్క మీద ఇస్తారని, మూడు స్టార్ల ఫ్యాన్ ఐదు స్టార్ల ఫ్యాన్ కంటే ఎక్కువ గాలి ఇవ్వొచ్చని, తక్కువ కరెంటుకా ఎక్కువ గాలికా దేనికి కొంటున్నారో ముందు తేల్చుకోమని వీళ్లు చెబుతారు. పండగ పూట ఆఫర్ల మధ్య ఎవడు తేల్చుకుంటాడండీ?

పవర్ ఫ్యాక్టర్ 0.95 అన్న వరుసని అసలు పాయింటే చేయరు. ఇళ్లలో బిల్లు యూనిట్లకే వేస్తారు, పవర్ ఫ్యాక్టర్ బాగున్నంత మాత్రాన ఇంటి బిల్లు తగ్గదు అని నిక్కచ్చిగా చెప్పి, దాన్ని కింద పట్టికలోనే వదిలేస్తారు. పట్టికని తీసేయరు, అది అవసరమున్నవాళ్ల కోసం అక్కడే ఉంచుతారు. నేనైతే "హై పవర్ ఫ్యాక్టర్, బిల్లు భయం లేదు" అని రాసి పైనే పెట్టేవాణ్ణి.

వాళ్లకి ఇంకో పరీక్ష ఉంది. రాసిన పాయింటుని తీసి పోటీ కంపెనీ ఫ్యాన్‌కి అతికించి చూస్తారు. అతుక్కుంటే చించేస్తారు. "గాలిలో సరికొత్త విప్లవం", "మీ ఇంటికి రాజసం", "అత్యాధునిక సాంకేతికత" లాంటివన్నీ ఈ పరీక్షలో పోయాయి. ఇవి ఏ ఫ్యాన్‌కైనా అతుకుతాయి, కాస్త నొక్కితే మిక్సీకి కూడా అతుకుతాయి. ఎన్ని డబ్బాల మీద ఎన్నేళ్లు సేవ చేసిన మాటలు!

చివరికి ఇంత పని చేసి వాళ్లు తయారుచేసింది ఇది. సాక్ష్యంగా ఉంచుతున్నాను:

• పాత 75 వాట్ల ఫ్యాన్‌తో పోలిస్తే నెలకి సుమారు 14 యూనిట్లు తక్కువ (రోజుకి 10 గంటలు, ఫుల్ స్పీడులో).
• ఇన్వర్టర్ మీద పాత ఫ్యాన్ ఒకటి తినే కరెంటుతో ఇవి రెండు తిరుగుతాయి.
• వోల్టేజీ 90కి పడిపోయినా స్పీడు తగ్గదు.
• రెక్కలు తిరిగే వెడల్పు నాలుగడుగులు. 12×12 బెడ్‌రూముకి ఒకటి చాలు, పెద్ద హాలుకి రెండు కావాలి.
• గోడ మీది పాత రెగ్యులేటర్‌తో వాడకూడదు. దాన్ని తప్పించి నేరుగా స్విచ్‌కి కలపాలి. స్పీడు రిమోట్‌తోనే.

ఆఖరి పాయింటు చూశారా? అమ్మే వస్తువు గురించి "వాడకూడదు" అని రాయడం! అడిగితే వాళ్ల దగ్గర జవాబుంది. ఎలక్ట్రీషియన్ అలవాటు కొద్దీ పాత రెగ్యులేటర్‌కే కలుపుతాడు, ఫ్యాన్ ఆగి ఆగి తిరుగుతుంది, కొన్నవాడు పీసు పాడైందని వెనక్కి పంపి ఒక్క స్టార్ ఇస్తాడు, ఫ్యాన్‌లో మాత్రం ఏ లోపమూ ఉండదు, ఆ ఒక్క వాక్యం ముందే చదివి ఉంటే ఈ తిరుగుటపా ఖర్చు ఉండేది కాదు అంటారు.

అదృష్టవశాత్తూ కంపెనీలో ఇంకా బాధ్యత తెలిసినవాళ్లున్నారు. పై అయిదు పాయింట్లూ ఆమోదానికి వెళ్లి, దిద్దుబాట్లతో తిరిగొచ్చాయి. మొదటిదాంట్లో బ్రాకెట్లో ఉన్నది కొట్టేశారు, 14 యూనిట్లు "భారీ ఆదా" అయింది. వోల్టేజీ పాయింటు పల్లెటూరిలా ఉందని తీసేసి "స్మార్ట్ టెక్నాలజీ" అని పెట్టారు. పెద్ద హాలుకి రెండు కావాలన్న మాట పోయింది, "ప్రతి గదికీ అనువైనది" వచ్చింది. రెగ్యులేటర్ పాయింటు ఎదురుగా ఎర్ర అక్షరాల్లో "నెగటివ్‌గా ఉంది, వద్దు" అని రాసి, ఆ ఖాళీలో ఏం పెట్టాలో కూడా వాళ్లే సూచించారు: పవర్ ఫ్యాక్టర్ 0.95.