ఆ 40 ఎక్కడి నుంచి వచ్చింది?

“చిన్న కంపెనీలో ఇంతవరకు పనితీరు రివ్యూలే లేకపోతే నేరుగా టార్గెట్లు పెట్టేయండి. అంకెలు అబద్ధం చెప్పవు. స్కిల్ రేటింగ్ అంటే మేనేజర్ ఇష్టాయిష్టాలే. ఇంక్రిమెంట్ మొదటి ఏడాది నుంచే టార్గెట్‌కి కట్టేయండి” అని ఒక సలహా వినిపిస్తుంటుంది.

అంకె సంగతి ముందు. విశాఖ పోర్టు మీద ఆధారపడి నడిచే ఒక చిన్న క్లియరింగ్ ఏజెన్సీకి నేను జీతాల లెక్కలు చూస్తాను. తొమ్మిది మంది ఉండేవారు, ఇరవై ఇద్దరయ్యారు. 2025 ఏప్రిల్‌లో డాక్యుమెంటేషన్ వాళ్లకి, ఎగుమతి సరుకుకి కస్టమ్స్‌లో దాఖలు చేసే షిప్పింగ్ బిల్లులు నెలకి తలా 40 అని టార్గెట్ పెట్టారు. పాత లెక్కలేవీ లేవు. 40 అయితే గుండ్రంగా ఉందనుకున్నారు ఓనరుగారు, అంతే. ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మా పార్టీల్లో ఎక్కువమంది రొయ్యల ఎగుమతిదార్లు, బుకింగులు పడిపోయాయి. బిల్లు ఫైల్ చేసే అమ్మాయి దానికేం చేస్తుంది?

అంతకు ముందు జులైలోనే ఇంకోటి బయటపడింది. ఒకతను 46 బిల్లులు చేశాడు, పక్క టేబుల్ ఆమె 31. ఫైళ్లు తీయిస్తే అతనివి దాదాపు అన్నీ రోజూ వచ్చే రొయ్యల సరుకే, అందులోనూ 7 బిల్లులకి తర్వాత సవరణలు పడ్డాయి. ఆమెవి కొత్త పార్టీలు, కొత్త మెషినరీ సరుకు, సవరణ ఒక్కటే. కష్టమైన ఫైళ్లు నెమ్మదిగా ఆమె టేబుల్ మీదికి జరుగుతున్నాయని ఎవరూ గమనించలేదు.

ఇష్టాయిష్టాల మాట సగం నిజం. “కమ్యూనికేషన్: 5కి 4” అని వేస్తే అది మొహమాటమే. అందరికీ 4 వచ్చిందంటే ఆ ఫారం పని చేయట్లేదని అర్థం. మేము అంకె తీసేసి పని రాశాం. సరుకు ఏ రకమో కస్టమ్స్‌కి చెప్పే హెచ్ఎస్ కోడ్ వేయడమే తీసుకోండి. మొదటి మెట్టులో ఎవరైనా కోడ్ చెబితే నింపుతారు. రెండో మెట్టులో రోజూ వచ్చే సరుకుకి సొంతంగా వేసి, కొత్తదైతే అడుగుతారు. మూడో మెట్టులో కొత్త సరుకుకి కూడా తేల్చి, కస్టమ్స్ ప్రశ్న వేస్తే జవాబు రాయగలుగుతారు. ఏ మెట్టు అన్నా గత మూడు నెలల్లోంచి మూడు ఫైళ్లు చూపించాలి. ఇలా ఐదు పనులకి రాశాం, అంతకు మించితే ఎవరూ నింపరు.

దీనికీ లోపం ఉంది. మూడో మెట్టు ఎక్కినవాళ్లకి ఆ స్థాయి పని ఇవ్వకపోతే పని పెరగకుండా జీతం ఒక్కటే పెరుగుతుంది.

ఇంక్రిమెంట్ మాత్రం మొదటి రౌండ్‌లో దేనికీ కట్టలేదు. ఆ రౌండ్ నడిచిన ఆరు నెలలూ బిల్లులు, సవరణలు, సరుకు రకం ఊరికే రాసిపెట్టాం. ఇప్పుడు అందులోంచి ఒక్క టార్గెట్ తీశాం: నూరు బిల్లులకి సవరణలెన్ని, సరుకు రకం వారీగా. సేల్స్ కుర్రాడికి మొదటి రోజు నుంచీ టార్గెట్టే ఉంది. ఎన్ని కొత్త పార్టీలను కలవాలన్నది అతని చేతిలో పనే కదా.