వద్దు అన్నంత మాత్రాన కెపాసిటీ లేనట్టేనా?

మెడికల్ ఎథిక్స్ పేపర్లలో తరచూ కనిపించే తరహా ప్రశ్న ఒకటి తీసుకుందాం. డెబ్బై ఏళ్ల ఆవిడ, షుగర్ పేషెంట్, పాదానికి గాంగ్రీన్ వచ్చింది, మోకాలి కింద వరకు తీసేయకపోతే ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కి ప్రాణం పోవచ్చని సర్జన్ చెప్పాడు. ఆవిడ "వద్దు" అంది. రాత్రి జ్వరంలో కాస్త తికమకగా మాట్లాడిందని నర్సు రాసింది, ఇప్పుడు పొద్దున్న బాగానే మాట్లాడుతోంది. కొడుకు బయట నిలబడి "అమ్మకేం తెలుసు సార్, సంతకం నేను పెడతా" అంటున్నాడు. డాక్టర్ ముందుగా ఏం చెయ్యాలి?

కొడుకు సంతకం తీసుకోవడం, సైకియాట్రిస్ట్‌కి పంపడం, "సరే మీ ఇష్టం" అని డిశ్చార్జ్ చెయ్యడం, ఈ మూడూ ఆప్షన్లలో ఉంటాయి, చాలామంది వీటిలో ఒకటి పెట్టేస్తారు. నాలుగోది చూడటానికి చప్పగా ఉంటుంది: ఆవిడ దగ్గర కూర్చుని, ఈ ఆపరేషన్ గురించి నిర్ణయం తీసుకునే సామర్థ్యం, అంటే కెపాసిటీ, ఇప్పుడు ఉందో లేదో చూడటం. కరెక్ట్ అదే. మిగతావన్నీ ఈ ప్రశ్న తేలాక వచ్చేవి.

ఎలా చూస్తారంటే, 1988లో అపెల్‌బామ్, గ్రిసో అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిన నాలుగు విషయాలు ఇప్పటికీ ఆధారం. చెప్పింది అర్థమైందా, అది తనకే జరుగుతోందని గ్రహించిందా, లాభనష్టాలు బేరీజు వేసుకోగలదా, ఒక మాట మీద నిలబడి చెప్పగలదా. "అర్థమైందా అమ్మా" అంటే ఎవరైనా తలూపుతారు, అందుకే "నేను చెప్పింది మీ మాటల్లో చెప్పండి" అనడగాలి. ఆవిడ "కాలు తీయకపోతే చచ్చిపోవచ్చు అన్నారు, తెలుసు, కానీ ఇంకొకరి మీద ఆధారపడి మంచాన ఉండటం నాకిష్టం లేదు, మందులతో ఎన్నాళ్లుంటే అన్నాళ్లు" అంటే నాలుగూ ఉన్నట్టే. అదే "నా కాలికేం కాలేదు, నలుపు మట్టి, కడిగితే పోతుంది" అందనుకోండి, ఇన్ఫర్మేషన్ తిరిగి అప్పజెప్పినా రెండోదాంట్లో గట్టి అనుమానం వస్తుంది. తేడా ఎక్కడుందో చూడండి, రెండింటిలోనూ జవాబు "వద్దు"నే, మారింది ఆ జవాబుకి చేరుకున్న దారి.

ఇక్కడే జనం జారిపడతారు అని నా అభిప్రాయం. నిర్ణయం మనకి నచ్చలేదు కాబట్టి మనిషికి బుద్ధి సరిగ్గా లేదు అనుకుంటాం. "సరే" అన్న పేషెంట్‌కి ఈ పరీక్ష పెట్టాలని ఎవరికీ తట్టదు, నిజానికి అర్థం కాకుండా సంతకం పెట్టేసిన వాళ్లకే ఎక్కువ అవసరం కావచ్చు. 1993లో ఇంగ్లండ్ హైకోర్టు ముందుకొచ్చిన ఒక కేసు ఉంది, స్కిజోఫ్రీనియా ఉన్న, తను ప్రపంచ ప్రసిద్ధ డాక్టర్‌ని అని నమ్మే ఒకాయన గాంగ్రీన్ కాలు తీయొద్దన్నాడు. కోర్టు ఆయనకి ఆ నిర్ణయం తీసుకునే సామర్థ్యం ఉందనే తేల్చింది, కాలు తీయకుండానే బతికాడు కూడా (బతికాడు కాబట్టి తీర్పు కరెక్ట్ అనట్లేదు, చనిపోయినా ఆ హక్కు ఆయనదే). మానసిక జబ్బు పేరు ఒక్కటే కెపాసిటీని కొట్టేయదు, డెలూజన్, అంటే ఆ జబ్బు తెచ్చిపెట్టిన తప్పుడు నమ్మకం, ఈ నిర్ణయాన్ని ముట్టుకుందా అన్నదే చూడాలి.

మన కేసులో రాత్రి తికమక సంగతి వదిలేయకూడదు. అది డెలీరియం కావచ్చు, అంటే ఒంట్లో జబ్బు వల్ల కొంతసేపు మతి తప్పడం, డెలీరియం పొద్దున తగ్గి సాయంత్రం మళ్లీ రావచ్చు. అందుకే షుగర్ చూసి, జ్వరం తగ్గించి, నొప్పి మందు మత్తు ఉందేమో చూసి, వినికిడి మిషన్ వాడే మనిషైతే అది చెవిలో పెట్టి, ఆవిడ తేటగా ఉన్నప్పుడు మాట్లాడాలి, వీలుంటే కొన్ని గంటల తర్వాత మళ్లీ అడగాలి. మాట మారకుండా ఉంటే నమ్మకం పెరుగుతుంది. డాక్టర్‌కి తేలట్లేదనిపిస్తే అప్పుడు సైకియాట్రిస్ట్‌ని పిలవొచ్చు, కానీ మొదటి పరీక్ష చేయాల్సింది ట్రీట్ చేస్తున్న డాక్టరే.

కొడుకు సంగతి? ఆవిడకి సామర్థ్యం ఉన్నంత వరకు అతని సంతకానికి విలువ లేదు, ఆవిడ ఒప్పుకోకుండా రిపోర్టు వివరాలు కూడా అతనితో మాట్లాడకూడదు. అయితే తలుపు మొహం మీద వేసేయమని కాదు. "మీ అబ్బాయి కంగారు పడుతున్నాడు, ఏం చెప్పమంటారు" అని ఆవిడనే అడగొచ్చు, అతను చెప్పేది ఎంతైనా వినొచ్చు, వినడం కాన్ఫిడెన్షియాలిటీ తప్పడం కాదు.

ఆవిడ వద్దనే అన్నా యాంటీబయాటిక్స్, డ్రెస్సింగ్, నొప్పి మందు ఆగవు, మళ్లీ ఆలోచించుకుంటే చెప్పమని అనాలి, మాట్లాడింది ఆవిడ మాటల్లోనే కేస్ షీట్‌లో రాయాలి. ఎందుకంటే రెండ్రోజుల తర్వాత ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి సెప్సిస్‌లో స్పృహ తప్పితే, కొడుకు మళ్లీ ఫారం పట్టుకుని వస్తాడు, అప్పుడు కూడా తేటగా ఉండగా ఈ పరిస్థితినే ఊహించి ఆవిడ అన్న "వద్దు" చెల్లుతుంది.