అమ్మ అన్న మాట దగ్గరే ఆగిపోయే సూత్రం

“పది రోజుల్లో పిల్లలకు తెలుగు! 1. అ నుంచి ఱ దాకా అక్షరాలన్నీ వరుసగా వచ్చేవరకు ఒక్క మాట కూడా చదివించకండి. 2. క గుణింతం వస్తే అన్ని గుణింతాలూ వచ్చినట్టే. 3. ఒత్తులకు వేరే పాఠం అక్కర్లేదు, అదే అక్షరం కింద చిన్నగా రాయడమే. తప్పక షేర్ చేయండి.”

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. పంపినవాళ్లంతా కావలసినవాళ్లే, అందుకే గ్రూపులో నోరుమూసుకుని ఇక్కడ రాస్తున్నాను.

మొదటిదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. త, ల, వ వస్తే తల, వల చదవొచ్చు. ఆ సరదాను ఱ వచ్చేదాకా ఎందుకు దాచిపెట్టాలి?

రెండోది. కకు పెట్టినట్టే వ పక్కన కొమ్ము పెట్టి చూడండి, మ అయిపోతుంది. అందుకే వులో కొమ్ము కిందనుంచి వస్తుంది. కొలో ఉన్న ఒత్వం మొలో, యొలో కనిపించదు, అక్కడ ఎత్వానికి కొమ్ము తోడవుతుంది. ఇలాంటివి విడిగా చూపిస్తే చాలు.

అసలు పేచీ మూడోదాంతో. గ, డ, ద ఒత్తుల వరకు ఆ మాట నిజమే, తలకట్టు తీసేస్తే సరిపోతుంది. కానీ త, న, మ, య, ర, ల ఒత్తులకు తల్లి పోలికే ఉండదు. ఇంట్లోవాళ్లను పిలవమనండి: అమ్మ, నాన్న, అన్న, అత్త, మామయ్య, చెల్లి. సూత్రం ఎవరి దగ్గరా పనిచేయదు. తాత ఒక్కడే బతికిపోయాడు, ఆయనకు ఒత్తు లేదు కాబట్టి!

ఆకారం గుర్తుపట్టినా ఇంకో చిక్కుంది. మా అమ్మాయి ‘శక్తి’ని ‘శకిత’ అని చదివేది. తప్పు దానిది కాదు. గుడి క మీద ఉంది, కనిపించినట్టే చదివింది. రాతలో గుడి పై అక్షరానికి పెడతాం, పలకడంలో మాత్రం అది ఒత్తు తర్వాత వస్తుంది. ఈ సంగతి పిల్లకు ఎవరు చెప్పారు, మీ ఫార్వర్డా?

నేను చేసింది ఇది. ముందు క్త ఒక్కటే రాసి చదివించాను. తర్వాత దానికే గుణింతం: క్త, క్తా, క్తి, క్తీ. క్, త కదలకుండా చివరి అచ్చు ఒక్కటే మారడం దానికి వినిపించింది. ఆ తర్వాతే ముందు శ చేర్చాను. ‘శకిత’ అంటే వరుస తెలియలేదని, ‘శకి’ అని ఆపేస్తే ఒత్తునే గుర్తుపట్టలేదని అర్థం. రెండోదానికి క్తి గుణింతం పనికిరాదు. అత్త, కత్తి లాంటి మాటల్లో త ఒత్తును మళ్లీ చూపించాలి.

ఒకటి ఒప్పుకోవాలి. వరుసను నోటికి పట్టించడం నాకూ ఇష్టమే. క వర్గం గొంతు దగ్గర మొదలై, ప వర్గానికి పెదాలు కలుస్తాయి. మా అమ్మాయి అద్దం ముందు నిలబడి ప ఫ బ భ మ అంటూ పెదాలు చూసుకునేది. కాకపోతే అప్పటికే అది ‘వల’ చదివేస్తోంది.